మౌనం వహించిన క్లయింటుకు ఆఖరి నోటీసు: పని ఆపుతున్నామని, ఫైళ్ళు ఇవ్వలేమని ఎలా రాయాలి

ఆఖరి నోటీసు రాయడానికి కూర్చున్నవారిలో చాలామంది మొదట రాసే వాక్యం "డబ్బు కట్టేవరకు ఫైళ్ళు ఇవ్వం" అన్నదే. ఏ ఫైళ్ళు, ఎవరి ఫైళ్ళు, ఇప్పటికే ఇచ్చేసినవా ఇంకా ఇవ్వనివా అన్నది తేల్చుకోకుండా ఆ వాక్యం రాస్తే, మనకు రావలసిన బాకీ పక్కకు పోయి మనం చేసిన తప్పు మీద చర్చ మొదలవుతుంది. అందుకని ఈ మార్గదర్శిలో నోటీసు నమూనా మధ్యలో గానీ రాదు. అంతకుముందు చేయవలసిన పనే ఎక్కువ, నోటీసుకు బలం కూడా అక్కడినుంచే వస్తుంది.

నేను విజయవాడలో సీసాల లేబుళ్ళు, అట్టపెట్టెలు డిజైన్ చేస్తాను. ఈ వ్యాసమంతటికీ నా దగ్గరి ఒక వ్యవహారాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఒక పచ్చళ్ళ వ్యాపారి ఆరు రకాల పచ్చళ్ళకు లేబుళ్ళు, వాటిని సర్దే ఒక పెద్ద అట్టపెట్టె డిజైను అడిగారు. మొత్తం 90,000 రూపాయలకు మాట కుదిరింది. అడ్వాన్సుగా 27,000, నమూనాలు ఆమోదించి బిల్లు అందుకున్న 15 రోజుల్లో 36,000, ప్రింటుకు వెళ్ళే ఫైళ్ళు చేతికిచ్చే ముందు మిగిలిన 27,000 ఇవ్వాలని ఈమెయిల్లో రాసుకున్నాం. అడ్వాన్సు సకాలంలోనే వచ్చింది. మార్చి 3న వాట్సాప్‌లో "ఓకే సార్, ఆవకాయది చాలా బాగుంది, ఇవే ఫైనల్ చేసేయండి" అని ఆయన రాశారు. అదే రోజు 36,000కు బిల్లు పంపాను. మధ్యలో ఒక ప్రదర్శనకు కరపత్రం కావాలన్నారు. 8,000కు ఒప్పుకుని, మార్చి 10న ఫైలూ బిల్లూ కలిపి ఇచ్చేశాను. మార్చి 18న గడువు తీరింది. "ఉగాది వెళ్ళాక చూద్దాం సార్" అన్నది ఆయన నుంచి వచ్చిన చివరి మాట. ఆ తరువాత పంపిన మూడు సందేశాలకు నీలి టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు.

మొదటి అడుగు: సరుకును మూడు కుప్పలుగా విడదీయండి

ఆ క్లయింటు పేరు మీద మీ కంప్యూటరులో ఉన్న ఫోల్డరు తెరిచి, అందులోని ప్రతి వస్తువునూ మూడు కుప్పల్లో ఏదో ఒకదానిలో వేయండి. ఈ పనికి గంట పట్టవచ్చు, కానీ దీన్ని దాటవేసి రాసిన నోటీసు నిలబడదు.

మొదటి కుప్ప వాళ్ళది. పని చేయడం కోసం వాళ్ళు మనకిచ్చిన ప్రతిదీ ఇందులోకి వస్తుంది. నా ఉదాహరణలో వాళ్ళ పాత లోగో, వాళ్ళ ఫొటోగ్రాఫరు తీసిన సీసాల ఫొటోలు, ఆహార భద్రత లైసెన్సు పత్రం, పోషక విలువల ల్యాబ్ రిపోర్టు, ఖాళీ సీసాలు నాలుగు ఉన్నాయి. వెబ్‌సైట్ పని చేసేవారి దగ్గరైతే డొమైను, హోస్టింగు పాస్‌వర్డులు కూడా ఇందులోకే వస్తాయి. డొమైను మీ పేరు మీద కొన్నా, దానికి డబ్బు వాళ్ళు కట్టి ఉంటే నా దృష్టిలో అది వాళ్ళదే. ఈ కుప్పను బాకీకి తాకట్టుగా పెట్టుకోకండి. అడిగితే ఇస్తామని నోటీసులోనే రాయండి.

రెండవ కుప్ప ఇచ్చేసినది. కరపత్రం ఫైలు మార్చి 10నే వెళ్ళిపోయింది. దాని డబ్బు రాకపోయినా అది ఇప్పుడు బాకీయే తప్ప ఆపగలిగే వస్తువు కాదు. ఇక్కడే చాలామంది పెద్ద తప్పు చేస్తారు. నడుస్తున్న వెబ్‌సైటును పాత పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళి ఆపేయడం, ముందే దాచిపెట్టిన కోడుతో స్తంభింపజేయడం, వాళ్ళ డ్రైవులో ఉన్న ఫైళ్ళను చెరిపేయడం వంటివి చేస్తారు. అనుమతి లేకుండా ఎదుటివారి కంప్యూటరు వ్యవస్థలోకి వెళ్ళి సమాచారాన్ని చెరపడం, వాడకానికి అడ్డుపడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తాయి. అలా చేస్తే బాకీ అడగవలసిన మనిషి ముద్దాయి స్థానంలో నిలబడవలసి వస్తుంది. ఇచ్చినదాన్ని ముట్టుకోకండి.

మూడవ కుప్ప ఇంకా ఇవ్వనిది. ఆరు లేబుళ్ళకు మార్పులు చేయడానికి వీలుండే ఓపెన్ ఫైళ్ళు, ప్రింటుకు వెళ్ళే పీడీఎఫ్‌లు, అట్టపెట్టెను కోసే గీతల డ్రాయింగు నా దగ్గరే ఉన్నాయి. క్లయింటుకు వెళ్ళినవి వాటర్‌మార్కు వేసిన చిన్న బొమ్మలే. నోటీసులో "ఫైళ్ళు ఇవ్వం" అన్న మాట ఈ కుప్పకే, కేవలం ఈ కుప్పకే వర్తించాలి.

పంచుకున్న ఆన్‌లైన్ ఫోల్డరు ఒకటి ఉంటే, అందులో ఈ రోజు ఏమేమి ఉన్నాయో తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. మూడవ కుప్పలోని ఫైలేదైనా పొరపాటున అందులో ఉండి, క్లయింటు దాన్ని ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే అది రెండవ కుప్పలోకి మారిపోయినట్టే. అది మన దగ్గరే ఉందన్నట్టు నోటీసులో రాస్తే మొదటి జవాబులోనే పరువు పోతుంది.

రెండవ అడుగు: ఆపే హక్కు మీకు ఉందో లేదో చూసుకోండి

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్‌లో ఒక దర్జీ ఉదాహరణ ఉంది. కోటు కుట్టడానికి గుడ్డ తీసుకున్న దర్జీ, కోటు పూర్తికాగానే ఇస్తాననీ, కూలికి మూడు నెలలు గడువిస్తాననీ మాట ఇస్తే, డబ్బు రాలేదని ఆ కోటును ఆపుకునే హక్కు అతనికి ఉండదు. ఆ సెక్షను చేతికిచ్చిన వస్తువులకు సంబంధించినది కాబట్టి కంప్యూటరు ఫైళ్ళ నోటీసులో దాన్ని పేర్కొనకండి. అయితే అందులోని ఇంగితం మనకూ పనికొస్తుంది. "ముందు ఫైళ్ళు ఇస్తాను, నెల తరువాత డబ్బు ఇవ్వండి" అని మీరే ఒప్పుకుని ఉంటే, ఆ నెల తీరేవరకు ఫైళ్ళు ఆపడానికి మీకు ఆధారం లేదు.

మనకు నేరుగా పనికొచ్చేది అదే చట్టంలోని 54వ సెక్షను. ఒకరి మాట నెరవేరాకే రెండోవారి మాట నెరవేర్చమని అడగగలిగే ఒప్పందంలో, ముందు చేయవలసినవారు చేయకపోతే రెండోవారిని అడిగే అర్హత వారికి ఉండదని దాని సారాంశం. నా ఒప్పందంలో 36,000 చెల్లింపు ప్రింటు ఫైళ్ళకంటే ముందు రావాలని వరస స్పష్టంగా ఉంది. మీ ఈమెయిళ్ళలో, కొటేషన్లో, బిల్లు కింద రాసిన షరతుల్లో ఈ వరస ఎక్కడుందో వెతికి పట్టుకోండి. అది నోటీసుకు వెన్నెముక వంటిది.

రాతపూర్వకంగా ఏమీ లేకపోతే హక్కు పూర్తిగా పోయినట్టు కాదు గానీ నోటీసు స్వరం తగ్గించాలి. "ఒప్పందం ప్రకారం" అనకుండా, "ఈ పని విడతలవారీ చెల్లింపు మీద సాగుతోంది, మొదటి విడత అందాకే పని మొదలుపెట్టాను" అంటూ నడిచిన తీరును చెప్పండి.

కాపీరైటు గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, జీతానికి కాకుండా బయటినుంచి పని చేసే డిజైనరు చేసిన డిజైనుకు మొదటి హక్కుదారు సాధారణంగా డిజైనరే. సంతకం చేసిన రాత ద్వారా గానీ ఆ హక్కు బదిలీ కాదు. కానీ డబ్బుకు ఒప్పుకుని తీసిన ఫొటోలు, వీడియోల విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవారికే చెందుతుందని 17వ సెక్షను చెబుతుంది. కాబట్టి పెళ్ళి వీడియోలు, ఉత్పత్తుల ఫొటోలు తీసేవారు నా నోటీసులోని కాపీరైటు వాక్యాన్ని యథాతథంగా వాడుకోకూడదు.

న్యాయవాదులకు ఈ దారి అసలే లేదు. ఫీజు బాకీ ఉందని క్లయింటు కేసు కాగితాలు ఆపుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తీర్పు ఇచ్చింది.

మూడవ అడుగు: ఆ మౌనం దేనివల్లనో ఒక్కసారి తెలుసుకునే ప్రయత్నం చేయండి

కొన్నిసార్లు మౌనానికి కారణం మన బిల్లులోనే ఉంటుంది. ఖాతా నంబరులో ఒక అంకె తప్పుపడి ఉండవచ్చు, సంస్థ అసలు పేరు కాకుండా దుకాణం పేరు రాసి ఉండవచ్చు, లేదా బిల్లు యజమాని ఫోనులోనే ఉండిపోయి లెక్కలు చూసేవారికి చేరకపోయి ఉండవచ్చు. బిల్లును మొదటినుంచి చివరివరకు మరొకసారి చదవండి. క్లయింటుకు జీఎస్టీ నంబరు ఉంటే, జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి సంస్థ చట్టబద్ధమైన పేరు, ప్రధాన చిరునామా చూసుకోండి. నోటీసు కూడా ఆ పేరుకే వెళ్ళాలి.

తరువాత లెక్కలు చూసేవారికి ఫోను చేయండి. యజమాని ఫోను ఎత్తకపోయినా అకౌంటెంటు ఎత్తుతారు. నేను చేసినప్పుడు ఆవిడ, "బిల్లు సిస్టంలో ఎక్కించామండీ, సార్ సంతకం పెట్టలేదు, అంతే" అన్నారు. ఆ ఒక్క మాటతో రెండు సంగతులు తెలిశాయి. బిల్లు మీద అభ్యంతరమేమీ లేదు, ఆగింది యజమాని దగ్గరే. ఫోను పెట్టేసిన వెంటనే "మీరు ఇప్పుడు చెప్పినట్టు బిల్లు నమోదయింది, సంతకం కోసం ఆగింది, అంతే కదండీ?" అని ఆవిడకు ఒక ఈమెయిలు పంపాను. "అవునండీ" అని జవాబు వచ్చింది. మాటగా విన్నదాన్ని ఆ రోజే రాతలోకి తేవడం అలవాటు చేసుకోవాలి.

ఇంకొక చోట కూడా చూడండి. ఆదాయపన్ను పోర్టల్‌లో మీ ఫారం 26ఏఎస్ తెరిస్తే, ఎవరు మీ పేరు మీద టీడీఎస్ కట్టారో కనిపిస్తుంది. క్లయింటు మీ బిల్లు మీద టీడీఎస్ కట్టి, బిల్లు మాత్రం చెల్లించకుండా ఉన్నట్టు కనబడితే, ఆ బిల్లును తమ లెక్కల్లో ఒప్పుకున్నారనడానికి అది గట్టి ఆధారం.

వాళ్ళింట్లో అశుభం జరిగిందనో, యజమాని ఆసుపత్రిలో ఉన్నారనో తెలిస్తే నోటీసు పది రోజులు వాయిదా వేయండి, పని మాత్రం అంతవరకు ముందుకు తీసుకెళ్ళకండి. పని నాణ్యత మీద అసంతృప్తి ఉందని తెలిస్తే, రాయవలసింది ఆఖరి నోటీసు కాదు. ముందు ఆ అభ్యంతరాన్ని రాసి పంపమని అడగాలి.

నాలుగవ అడుగు: ఎంత అడగాలో, ఎప్పటికి అడగాలో తేల్చుకోండి

నా పని విలువ 90,000, ముట్టింది 27,000. కోపంలో 63,000 ప్లస్ కరపత్రానికి 8,000 కలిపి 71,000 అడగాలనిపిస్తుంది. కానీ చివరి 27,000కు ఇంకా గడువే రాలేదు, అది ఫైళ్ళు ఇచ్చే ముందు రావలసినది. ఈ రోజున గడువు దాటిన బాకీ 36,000, 8,000 కలిపి 44,000 మాత్రమే. నోటీసులో అడగవలసింది అంతే. ఎక్కువ అడిగితే, ఎదుటివారు అసలు బాకీ గురించి మాట్లాడకుండా ఆ ఎక్కువ గురించే మాట్లాడతారు. చివరి 27,000 సంగతిని వేరే వాక్యంలో గుర్తుచేయాలి.

వడ్డీకి ఆధారం 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, అంటే ఎంఎస్ఎంఈడీ చట్టం. మీకు పని ఒప్పుకునేనాటికే కేంద్రప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్లో సంస్థగా నమోదు ఉండి, మీరు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉంటే, కొనుగోలుదారు రాసుకున్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు ఎంత పెట్టుకున్నా 45 రోజులు దాటకూడదు. రాసుకోకపోతే పని స్వీకరించిన 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా అసలుకు కలుస్తూ, పడుతుంది. బ్యాంకు రేటు మారుతూ ఉంటుంది కాబట్టి నోటీసు రాసే రోజున చూసుకోండి. లెక్క తేలిక కోసం అది 6 శాతం అనుకుంటే మూడు రెట్లు 18 శాతం, అంటే నెలకు ఒకటిన్నర శాతం. 36,000 మీద మొదటి నెల వడ్డీ 540 రూపాయలు, 8,000 మీద 120.

చూశారుగా, వడ్డీ చిన్న మొత్తమే. దాన్ని రాబట్టుకోవడం కంటే, గడువులోగా కడితే వదులుకుంటానని చెప్పడంలోనే దాని ఉపయోగం ఎక్కువ. ఎదుటివారికి ఇవ్వడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఉద్యమ్ నమోదు లేనివారు, ఒప్పందంలో వడ్డీ మాట రాసుకోనివారు నోటీసులో వడ్డీ ఊసే ఎత్తకపోవడం మంచిది. పని అయిపోయాక హడావుడిగా తీసుకున్న నమోదు పాత బిల్లులకు అక్కరకు వస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు.

గడువు విషయానికి వస్తే, "వెంటనే", "వీలైనంత త్వరగా" అన్నవి గడువులు కావు. తేదీ, వారం, గంట రాయండి. నోటీసు చేరిన తరువాత ఏడు పనిదినాలు మిగిలేలా చూసుకోండి. మధ్యలో పడే బ్యాంకు సెలవులను లెక్కలోంచి తీసేయండి, గడువు శనివారమో పండుగ మర్నాడో రాకుండా చూడండి. నేను ఏప్రిల్ 13 సోమవారం పంపి, ఏప్రిల్ 22 బుధవారం సాయంత్రం 5 గంటలు అని పెట్టాను. మధ్యలో 14న అంబేడ్కర్ జయంతి సెలవు ఉన్నందువల్లనే 21 కాకుండా 22 అయింది.

అయిదవ అడుగు: నోటీసు రాయండి

ఒక పేజీ దాటకూడదు. పాత పరిచయం, పడిన శ్రమ, ఇంట్లో ఇబ్బందులు ఇవేవీ అందులోకి రాకూడదు. క్లయింటుతో ఇంతవరకు ఏ భాషలో రాసుకున్నారో నోటీసు కూడా ఆ భాషలోనే ఉండడం మేలు. సంవత్సరం, బిల్లు నంబర్లు మీవి పెట్టుకోండి. నేను పంపినది దాదాపుగా ఇలా ఉంటుంది:

> విషయం: ఆఖరి నోటీసు – బాకీ రూ. 44,000 – ఏప్రిల్ 22 సాయంత్రం 5 గంటల తరువాత పని నిలుపుదల
>
> గౌరవనీయులైన యజమాని గారికి,
>
> మీ సంస్థ కోసం చేస్తున్న ఆరు లేబుళ్ళు, ఒక అట్టపెట్టె డిజైనుకు సంబంధించి ఈ నోటీసు పంపుతున్నాను.
>
> మార్చి 3న మీరు వాట్సాప్ ద్వారా నమూనాలను ఆమోదించారు. అదే రోజు పంపిన రూ. 36,000 బిల్లుకు గడువు మార్చి 18తో ముగిసింది. మార్చి 10న కరపత్రం ఫైలుతోపాటు పంపిన రూ. 8,000 బిల్లుకు గడువు మార్చి 25తో ముగిసింది. మార్చి 24, 30, ఏప్రిల్ 6 తేదీల్లో పంపిన సందేశాలకు జవాబు అందలేదు. ఈ రోజుకు గడువు దాటిన బాకీ రూ. 44,000.
>
> ఈ మొత్తం ఏప్రిల్ 22, బుధవారం సాయంత్రం 5 గంటలలోగా నా ఖాతాకు చేరకపోతే, ఆ గంట నుంచి ఈ పనిని నిలిపివేస్తాను. ఆరు లేబుళ్ళ ఓపెన్ ఫైళ్ళు, ప్రింటు పీడీఎఫ్‌లు, అట్టపెట్టె డ్రాయింగు బాకీ చేరేవరకు విడుదల చేయను. ఇవి మన ఒప్పందం ప్రకారం చివరి విడత రూ. 27,000 అందాక ఇవ్వవలసినవి కూడా. పూర్తి చెల్లింపు జరిగి రాతపూర్వకంగా బదిలీ చేసేవరకు ఈ డిజైన్ల కాపీరైటు నాదేనని, నమూనా బొమ్మలను ముద్రణకు వాడడానికి అనుమతి లేదని తెలియజేస్తున్నాను.
>
> మీరు నాకిచ్చిన లోగో, ఫొటోలు, లైసెన్సు పత్రం, ల్యాబ్ రిపోర్టు, సీసాలు మీవి. అవి ఎప్పుడు అడిగినా ఇస్తాను. కరపత్రం ఫైలు ఇప్పటికే మీ దగ్గర ఉంది.
>
> పైన చెప్పిన గడువులోగా రూ. 44,000 చేరితే, ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రావలసిన వడ్డీని ఈ ఒక్క సందర్భానికి వదులుకుంటాను. పని తిరిగి మొదలయ్యాక మిగిలిన పనికి కొత్త తేదీ ఇస్తాను. ఆ తేదీ నిలిపివేసిన రోజులకు తగ్గట్టు ఆలస్యమవుతుంది.
>
> బిల్లుల మీద గానీ పని మీద గానీ మీకు అభ్యంతరం ఉంటే, అదే గడువులోగా ఏ అంశం, ఎందుకు అన్నది రాసి పంపగలరు. అభ్యంతరం లేని మొత్తాన్ని మాత్రం గడువులోగానే చెల్లించగలరు.
>
> జతపరచినవి: రెండు బిల్లులు, మార్చి 3 నాటి మీ ఆమోదం, ఖాతా వివరాలు.

ఇందులో నేను ఎక్కువ ఆలోచించి రాసిన వాక్యం అభ్యంతరం గురించినది. చాలామంది దాన్ని భయపడి వదిలేస్తారు, లేనిపోని వంకలకు దారి తెరిచినట్టవుతుందని వారి అనుమానం. నిజానికి ఆ వాక్యం లేకపోతే ఆరు నెలల తరువాత "పని బాగాలేదు కాబట్టే కట్టలేదు" అనడానికి వాళ్ళకు వీలుంటుంది. ఆ వాక్యం ఉండి, గడువులోగా వాళ్ళు ఏమీ రాయకపోతే, అప్పటి మాట తరువాత కల్పించినదిగా కనబడుతుంది.

"మిగిలిన పనికి కొత్త తేదీ" అన్న వాక్యాన్ని కూడా వదలకండి. అది లేకుండా పని ఆపితే, బాకీ కట్టిన మర్నాడే "మా దుకాణం ప్రారంభానికి ఆలస్యం చేశారు" అన్న నింద మన మీదికి వస్తుంది.

రాయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. పోలీసు కేసు పెడతామని, జీఎస్టీ వాళ్ళకు చెబుతామని, సోషల్ మీడియాలో పేరు పెడతామని రాయకండి. బాకీ ఎగవేత మామూలుగా సివిల్ తగాదా. దాన్ని క్రిమినల్ బెదిరింపుతో కలిపితే, బెదిరించి డబ్బు అడిగారన్న ఎదురు ఆరోపణకు మన నోటీసే సాక్ష్యమవుతుంది.

ఆరవ అడుగు: చేరినట్టు రుజువు ఉండేలా పంపండి

ముందు ఈమెయిలు, పీడీఎఫ్ జతచేసి, యజమానికీ లెక్కలు చూసేవారికీ కలిపి పంపండి. అదే రోజు సంతకం చేసిన ప్రతిని ప్రధాన చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, చేరినట్టు చూపే ట్రాకింగు పేజీ దాచుకోండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి పోస్టాఫీసులో అది విడి సేవగా దొరకదు. వాట్సాప్‌లో నోటీసు మొత్తం అతికించకుండా, "ఈ రోజు మీ ఈమెయిలుకూ ఆఫీసు చిరునామాకూ ఆఖరి నోటీసు పంపాను, దయచేసి చూడగలరు" అని ఒక్క వాక్యం చాలు.

వాట్సాప్ సంభాషణను ఈ రోజే ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి. ఫోను మారితే, సందేశాలు తమంతట తాము మాయమయ్యే అమరిక ఎవరైనా పెట్టి ఉంటే, ఆ మార్చి 3 నాటి ఆమోదం పోతుంది. కోర్టుకు వెళ్ళవలసి వస్తే ఇటువంటి ఎలక్ట్రానిక్ ఆధారాలకు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయాలి. అసలు సంభాషణ ఉన్న ఫోనును పారేయకుండా ఉంచుకోవాలని కూడా దీన్నిబట్టి గుర్తుంచుకోండి.

ప్రింటింగు ప్రెస్సు సంగతి మరచిపోకండి. నోటీసు అందాక కొందరు వాట్సాప్ బొమ్మను పట్టుకుని నేరుగా ప్రెస్సుకు వెళతారు. ప్రెస్సు వాళ్ళు "ఓపెన్ ఫైల్ పంపండి" అని మనకే ఫోను చేస్తారు. అప్పుడు "ఫైనల్ ఫైళ్ళు ఇంకా విడుదల కాలేదు, అయ్యాక నేనే చెబుతాను" అని మాత్రమే చెప్పండి. క్లయింటు బాకీ గురించి మూడో మనిషి దగ్గర ఒక్క మాట కూడా అనకూడదు.

ఏడవ అడుగు: గడువు రోజున, ఆ తరువాత

నోటీసుకు విలువ తెచ్చేది ఏప్రిల్ 22 సాయంత్రం 5 గంటలకు మనం ఏం చేస్తామన్నదే. డబ్బు రాకపోతే 5 గంటల 5 నిమిషాలకు "నోటీసులో తెలిపినట్టు పని ఈ గంట నుంచి నిలిపివేశాను" అని రెండు వాక్యాలు పంపి, నిజంగానే ఆపండి. ఆ రాత్రి ఫోను చేసి "ఒక్క ఆవకాయ లేబులు ఇచ్చేయండి సార్, రేపు వేసేస్తాను" అంటే, ఇవ్వకండి. ఆ ఒక్కటి ఇస్తే మిగిలిన అయిదూ ఆపడానికి కారణం ఏమిటో మనమే చెప్పుకోలేం.

కొంత డబ్బు వస్తే తీసుకోండి, కానీ ఆ రోజే "రూ. 20,000 అందింది, మిగిలిన బాకీ రూ. 24,000, అది చేరేవరకు నిలుపుదల కొనసాగుతుంది" అని రాయండి. ఏమీ రాయకపోతే సర్దుబాటుకు ఒప్పుకున్నారని అనుకుంటారు. చెల్లింపు స్క్రీన్‌షాటును చెల్లింపుగా లెక్కించకండి. మన బ్యాంకు ఖాతాలో జమ కనబడాలి, చెక్కు అయితే మారాలి.

గడువు దాటి నెలయినా ఉలుకూ పలుకూ లేకపోతే, ఉద్యమ్ నమోదు ఉన్నవారు సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిలుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ కౌన్సిళ్ళు ఉన్నాయి. కొనుగోలుదారు చెన్నైలోనో ముంబైలోనో ఉన్నా, పని చేసినవారు ఉన్న చోటి కౌన్సిలుకే వెళ్ళవచ్చునన్నది ఈ చట్టంలోని పెద్ద సౌలభ్యం. చట్టం 90 రోజుల్లో తేల్చమంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువ పడుతుందనుకునే బయలుదేరండి. నమోదు లేనివారికి న్యాయవాది నోటీసు, తరువాత సివిల్ దావా ఉన్నాయి. చేసిన పనికి డబ్బు రాబట్టే దావాకు మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది. క్లయింటు అమెరికాలోనో దుబాయిలోనో ఉంటే కౌన్సిలు దారి పనిచేయదు, కాబట్టి వారితో చేసే పనుల్లో మూడవ కుప్పను ఎప్పుడూ పెద్దదిగా ఉంచుకోవడమే దిక్కు.

నా వ్యవహారంలో 44,000 ఏప్రిల్ 21 మధ్యాహ్నం చేరింది. జవాబుగా ఒక్క మాట కూడా రాయలేదు. ఖాతాలో జమ చూసుకున్నాక, "అందింది, ధన్యవాదాలు. పని రేపటి నుంచి మొదలవుతుంది, ప్రింటు ఫైళ్ళు ఏప్రిల్ 30కి సిద్ధమవుతాయి, చివరి విడత అందిన 24 గంటల్లో అన్నీ ఒకేసారి ఇస్తాను" అని రాసి పంపాను. మే 2న చివరి 27,000 వచ్చింది. ఆ సాయంత్రమే ఆరు లేబుళ్ళు, అట్టపెట్టె డ్రాయింగు, సంతకం చేసిన కాపీరైటు బదిలీ పత్రం ఒకే ఫోల్డరులో పెట్టి, ఏమేమి ఉన్నాయో జాబితాతో సహా అందించి, నాలుగు ఖాళీ సీసాలను బస్సు పార్శిల్లో పంపించాను.